తుఫాను మ్యాప్‌లో ‘యూటీసీ’ టైమ్ ఉందా? మన టైమ్‌కి మార్చేందుకు ఈజీ లెక్క ఇదే.. +05:30 అంటే అర్థం ఏంటంటే?

విశాఖపట్నం, మధురవాడ: బంగాళాఖాతంలో అల్పపీడనం అనగానే విశాఖ వాసుల వాట్సాప్ గ్రూపుల్లో శాటిలైట్ ఫొటోలు, తుఫాను ట్రాక్ మ్యాపులు చక్కర్లు కొడతాయి. వాటి మూలన ఎక్కడో చిన్న అక్షరాల్లో టైమ్ ఉంటుంది. దాని పక్కన UTC అనో, Z అనో రాసి ఉంటుంది. చాలామంది దాన్ని మన టైమే అనుకుని చదివేస్తారు. అక్కడే అయిదున్నర గంటల తేడా వచ్చేస్తుంది. తుఫాను తీరం దాటే రోజు అయిదున్నర గంటలంటే మామూలు విషయం కాదు. ఇంట్లో ఉండాల్సిన టైమ్‌లో రోడ్డు మీద ఉండే ప్రమాదం ఉంది.

మరి ఆ టైమ్‌ని మన టైమ్‌కి ఎలా మార్చుకోవాలి? +05:30 అనే గుర్తును ఎలా చదవాలి? హుద్‌హుద్ తుఫాను టైమ్‌తోనే లెక్క వేసి చూద్దాం.

యూటీసీ అంటే ఏంటి?

ప్రపంచమంతా ఒప్పుకున్న ఉమ్మడి గడియారం పేరే యూటీసీ. విమానాలు, ఓడలు, వాతావరణ కేంద్రాలు ఒకే టైమ్ చెప్పుకోవడానికి దీన్ని వాడతాయి. మ్యాపుల్లో కనిపించే Z అక్షరం కూడా యూటీసీకి గుర్తే. ప్రతి ప్రాంతం టైమ్ ఈ గడియారం కన్నా ఎంత ముందుందో, ఎంత వెనకుందో చెప్పే అంకెనే ఆఫ్‌సెట్ అంటారు.

మన ఆఫ్‌సెట్ +05:30. ప్లస్ అంటే మన గడియారం యూటీసీ కన్నా ముందుంది అని. 05 అంటే గంటలు, 30 అంటే నిమిషాలు. అంటే యూటీసీ గడియారంలో అర్ధరాత్రి 12 అయినప్పుడు మధురవాడలో తెల్లవారుజామున 5.30 అవుతుంది. మైనస్ ఉంటే ఆ ప్రాంతం గడియారం వెనక ఉందని అర్థం.

ఈ అయిదున్నర ఎక్కడి నుంచి వచ్చింది? భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. మన దేశం టైమ్‌కి 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని ఆధారంగా తీసుకున్నారు. 82.5ని 15తో భాగిస్తే 5.5 వస్తుంది. అంటే 5 గంటల 30 నిమిషాలు. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ దగ్గర నుంచి వెళ్లే ఈ రేఖ మన కాకినాడ సమీపం నుంచీ వెళ్తుంది.

హుద్‌హుద్ రోజు లెక్క ఇలా

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను మధ్యాహ్నం 12 నుంచి 1 గంట మధ్య విశాఖ దగ్గర తీరం దాటిందని వాతావరణ శాఖ ప్రకటించింది. తీరం దాటడం మొదలైన 12 గంటల టైమ్‌ని యూటీసీలో రాస్తే 06:30. ఇప్పుడు ఈ 06:30 యూటీసీ మీ ఫోన్‌లో కనిపించిందనుకోండి. మన టైమ్ ఇలా తెలుస్తుంది.

మొదటి స్టెప్: గంటలు కలపాలి. 6కి 5 కలిపితే 11.

రెండో స్టెప్: నిమిషాలు కలపాలి. 30కి 30 కలిపితే 60.

మూడో స్టెప్: నిమిషాలు 60 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే అందులోంచి 60 తీసేసి, గంటల్లో ఒకటి పెంచాలి. ఇక్కడ 60లో 60 పోతే సున్నా, 11 గంటలు కాస్తా 12 అయింది. జవాబు 12:00, అంటే మధ్యాహ్నం 12.

నాలుగో స్టెప్: గంటలు 24 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే 24 తీసేసి, తేదీని ఒక రోజు ముందుకు జరపాలి. ఈ లెక్కలో ఆ అవసరం రాలేదు. తేదీ అదే 12.

నోటితో లెక్కేసుకోవాలంటే ఇంకో దారి ఉంది. 6 గంటలు కలిపి, అరగంట తీసేయండి. 06:30కి 6 గంటలు కలిపితే 12:30. అరగంట తీస్తే 12:00. ఎలా చేసినా జవాబు ఒక్కటే.

రాత్రి టైమ్ అయితే తేదీ మారుతుంది

అదే తుఫానుకు ముందు రోజు, అక్టోబర్ 11న, 21:00 యూటీసీ అని ఉన్న శాటిలైట్ ఫొటో వచ్చిందనుకుందాం. 21కి 5 కలిపితే 26. నిమిషాలు 30. అంటే 26:30. రోజుకు 24 గంటలే కాబట్టి 24 తీసేస్తే 02:30. తేదీ 12కి మారింది. అంటే అది శనివారం రాత్రి 9 గంటల ఫొటో కాదు, తెల్లవారితే ఆదివారం అనగా రాత్రి 2.30కి తీసింది.

ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు. యూటీసీలో 18:30 అయితే మనకు అర్ధరాత్రి. 18:30, ఆ తర్వాత ఏ టైమ్ కనిపించినా మనకు మరుసటి రోజు వచ్చేసినట్టే.

రెండు వైపులా పొరపాటే

మొదటి పొరపాటు, అసలు కలపకపోవడం. ‘తుఫాను 06:30 యూటీసీకి తీరం దాటుతుంది’ అన్నదాన్ని ఉదయం ఆరున్నర అనుకుంటే? ఎనిమిదయ్యాక కూడా ఏం కాకపోయేసరికి గండం గడిచిందనుకుని బయటకు వెళ్తారు. అసలు తుఫాను అప్పుడే దగ్గరకు వస్తుంటుంది.

రెండోది ఇంకా ప్రమాదం. కలపనవసరం లేని చోట కలపడం. IST అని ఉన్న టైమ్ అప్పటికే మన టైమ్. 12:00 IST అని ఉంటే అది మధ్యాహ్నం 12 గంటలే. దానికి మళ్లీ అయిదున్నర కలిపితే సాయంత్రం 5.30 వస్తుంది. చేతిలో ఇంకా బోలెడంత టైమ్ ఉందనుకుంటారు. కానీ ఉండదు.

యాప్‌లలో, వెబ్‌సైట్లలో కొన్నిసార్లు టైమ్ ఇలా కనిపిస్తుంది:

```
2014-10-12T06:30:00Z
2014-10-12T12:00:00+05:30
```

ఈ రెండూ ఒకే క్షణం. మొదటి లైన్ చివర Z ఉంది కాబట్టి అది యూటీసీ, మనం కలుపుకోవాలి. రెండో లైన్ చివర +05:30 ఉంది. దీన్ని చూసి ‘ఇప్పుడు కలపాలి’ అనుకోవడం చాలామంది చేసే తప్పు. టైమ్ పక్కనే +05:30 ఉంటే, కలపడం అయిపోయిందని అర్థం. ముందున్న 12:00 మన టైమే.

విదేశీ తుఫాను బులెటిన్లలో టైమ్ 120600Z అని కూడా ఉంటుంది. ఇందులో మొదటి రెండు అంకెలు తేదీ. మిగతా నాలుగు టైమ్. అంటే 12వ తేదీ, 06:00 యూటీసీ. మన టైమ్‌లో ఉదయం 11.30. ముందున్న 12ని చూసి పన్నెండు గంటలు అనుకోవద్దు.

లెక్క కరెక్టో కాదో ఇలా చూసుకోండి

యూటీసీలో నిమిషాలు 00 ఉంటే మన టైమ్‌లో తప్పకుండా 30 రావాలి. యూటీసీలో 30 ఉంటే మనకు 00 రావాలి. అలా రాలేదంటే అరగంట మర్చిపోయినట్టే.

టీవీలో రోజూ వినే మాట ఒకటుంది. ‘ఉదయం 8.30 గంటల వరకు నమోదైన వర్షపాతం’ అంటారు. 8 కాదు, 9 కాదు, ఎనిమిదిన్నరే ఎందుకు? యూటీసీలో అది సరిగ్గా 03:00 కాబట్టి. ప్రపంచవ్యాప్తంగా వాతావరణ కేంద్రాలు యూటీసీ ప్రకారం మూడేసి గంటలకోసారి పరిశీలనలు తీసుకుంటాయి. అందుకే మన బులెటిన్లలో 5.30, 8.30, 11.30, 2.30 అని అరగంటలు వినిపిస్తుంటాయి.

కాలిక్యులేటర్ వాడేవాళ్లకు ఒక జాగ్రత్త. 5 గంటల 30 నిమిషాలంటే 5.5 గంటలు. 5.30 అని కొట్టి కలిపితే లెక్క తప్పుతుంది.

అమెరికాలో ఉన్నవాళ్లకు టైమ్ చెప్పాలంటే?

మన టైమ్‌ని వేరే దేశం టైమ్‌కి మార్చాలంటే రెండు మెట్లు. ముందు మన టైమ్‌లోంచి అయిదున్నర తీసేసి యూటీసీకి వెళ్లాలి. అక్కడి నుంచి ఆ ఊరి ఆఫ్‌సెట్ వాడాలి.

మధురవాడ స్టేడియంలో 2025 అక్టోబర్ 9న జరిగిన మహిళల ప్రపంచకప్ భారత్, దక్షిణాఫ్రికా మ్యాచ్‌నే తీసుకుందాం. షెడ్యూల్ ప్రకారం ఆట మొదలయ్యే టైమ్ మధ్యాహ్నం 3 గంటలు, అంటే 15:00. 15:00 లోంచి 5:30 తీస్తే 09:30 యూటీసీ. అక్టోబర్‌లో డాలస్ ఆఫ్‌సెట్ -05:00. మైనస్ కాబట్టి తీసేయాలి. 09:30లోంచి 5 పోతే 04:30. డాలస్‌లో మ్యాచ్ చూడాలంటే తెల్లవారుజామున నాలుగున్నరకి లేవాలన్నమాట.

తీసేటప్పుడు గంటలు చాలకపోతే 24 అప్పు తెచ్చుకుని, తేదీని ఒక రోజు వెనక్కి జరపాలి. హుద్‌హుద్ తీరం దాటిన 06:30 యూటీసీని సియాటెల్ టైమ్‌కి మార్చి చూడండి. అప్పుడు అక్కడి ఆఫ్‌సెట్ -07:00. 6లోంచి 7 పోదు. 24 కలిపితే 30:30. అందులోంచి 7 తీస్తే 23:30. అంటే సియాటెల్‌లో ఉన్నవాళ్లకు అది ఇంకా శనివారం, అక్టోబర్ 11, రాత్రి 11.30.

ఆఫ్‌సెట్ ఎప్పుడూ ఒకేలా ఉండదు

మన +05:30 ఏడాదంతా మారదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మాత్రం మార్చిలో గడియారం గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. 2025లో ఆ రోజు నవంబర్ 2. అప్పటి నుంచి డాలస్ ఆఫ్‌సెట్ -06:00 అయింది. అదే మ్యాచ్ నవంబర్ మధ్యలో మధ్యాహ్నం 3కి ఉండి ఉంటే డాలస్‌లో 04:30 కాదు, 03:30 అయ్యేది. లండన్ కూడా అంతే. చలికాలంలో అక్కడి టైమ్ యూటీసీతో సమానంగా ఉంటుంది కానీ, వేసవిలో +01:00కి మారుతుంది. కాబట్టి ‘యూటీసీ అంటే లండన్ టైమే’ అనుకోవడం కూడా కరెక్ట్ కాదు.

ఈసారి తుఫాను మ్యాప్ ఫోన్‌కి వస్తే ముందు టైమ్ పక్కన ఏం రాసి ఉందో చూడండి. UTC లేదా Z ఉంటే అయిదున్నర కలపండి. IST లేదా +05:30 ఉంటే ఉన్నది ఉన్నట్టు చదవండి. ఏదీ లేకపోతే ఆ ఫొటోతో లెక్కలు వేయకుండా, విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం ఇచ్చే బులెటిన్‌నే చూడండి.