ఆవశ్యకత అప్పగింత (సాఫ్ట్‌వేర్ నిర్మాణం)

సాఫ్ట్‌వేర్ నిర్మాణంలో ఒక పని గురించి వినియోగదారునితోనో, సంస్థ ప్రతినిధితోనో చర్చించి సందేహాలు తీర్చుకున్న వ్యక్తి, అలా తేలిన విషయాన్ని ఆ చర్చలో లేని సహోద్యోగికి గానీ, స్వయంచాలకంగా పనిచేసే సాఫ్ట్‌వేర్ ఏజెంటుకు గానీ అందజేయడాన్ని ఆవశ్యకత అప్పగింత అంటారు. ఆవశ్యకత అంటే నిర్మించబోయే వ్యవస్థ ఏమి చేయాలో, ఏ హద్దుల్లో చేయాలో తెలిపే నిబంధన. పరిశ్రమ వాడుకలో దీన్ని రిక్వైర్‌మెంట్ అనే అంటారు. అప్పగింతలో ప్రధాన నియమం సాధారణంగా చేరుతుంది. తప్పిపోయేవి దాని చుట్టూ తేల్చుకున్న హద్దులు, మినహాయింపులు, వాటి వెనుక కారణాలు.

వివరాలు జారిపోయే తీరు

చర్చలో పాల్గొన్నవారికి కొన్ని విషయాలు తేలిపోయిన తరువాత మళ్లీ చెప్పనవసరం లేనివిగా కనిపిస్తాయి కాబట్టి, వారు రాసే సారాంశంలో అవి చోటుచేసుకోవు. అందుకునేవారికి ఆ ఖాళీ ఖాళీగా కనిపించదు. తమకు అలవాటైన, లేదా ప్రోగ్రాములో సులభంగా దొరికే అర్థంతో దాన్ని తెలియకుండానే పూరించుకుంటారు. పక్క సీటులోని సహోద్యోగి అయితే సందేహం కలిగినప్పుడు అడగగలడు గానీ, తనకు అందిన పాఠం, ఫైళ్లు మాత్రమే ఆధారంగా పనిచేసే ఏజెంటు, ఆగి అడగమని విడిగా నిర్దేశించకపోతే, తోచిన ఊహతో పని పూర్తిచేసే అవకాశం ఎక్కువ.

ఆవశ్యకతల ఇంజనీరింగుకు సంబంధించి 2011లో వెలువడి 2018లో సవరణ పొందిన ఐఎస్ఓ/ఐఈసీ/ఐఈఈఈ 29148 ప్రమాణం, ప్రతి ఆవశ్యకతతోపాటు దాని మూలాన్ని, హేతువును కూడా నమోదు చేయమని సూచిస్తుంది. మూలం అంటే అది ఎవరి వద్ద నుంచి వచ్చిందో, హేతువు అంటే ఎందుకు అలా నిర్ణయించారో తెలిపే వివరం.

ఒక ఉదాహరణ: బస్సు టికెట్ రద్దు

ఊహాజనితమైన ఒక టికెట్ బుకింగ్ యాప్‌లో ఈ నియమం ఉందనుకోవచ్చు: ప్రయాణానికి 24 గంటల ముందు రద్దు చేస్తే ఛార్జీలో 10 శాతం, ఆ తరువాత రద్దు చేస్తే 25 శాతం కోత విధించాలి. దీనిపై జరిగిన చర్చలో మూడు సంగతులు తేలాయి. మొదటిది, గంటలను బస్సు బయలుదేరే సమయం నుంచి కాక ప్రయాణికుడు ఎక్కే స్టాపులోని సమయం నుంచి వెనక్కి లెక్కించాలి. బస్సు బయలుదేరే సమయాన్ని తీసుకుంటే దారిలో ఎక్కేవారికి అన్యాయం జరుగుతుందన్నది కారణం. రెండవది, సరిగ్గా 24 గంటలు మిగిలి ఉన్నప్పటి రద్దుకు 10 శాతమే వర్తిస్తుంది. మూడవది, కోతలో పైసలు వస్తే వాటిని వదిలేయాలి.

హైదరాబాదులో 14వ తేదీ రాత్రి 9 గంటలకు బయలుదేరి విశాఖపట్నం వెళ్లే బస్సును విజయవాడలో 15వ తేదీ తెల్లవారుజామున 2:30కి ఎక్కవలసిన ప్రయాణికుడు, 13వ తేదీ రాత్రి 11 గంటలకు టికెట్ రద్దు చేశాడనుకుందాం. ఎక్కే సమయానికి ఇంకా 27 గంటల 30 నిమిషాలు ఉన్నాయి కనుక 735 రూపాయల ఛార్జీలో 10 శాతమైన 73 రూపాయల 50 పైసలలో పైసలు వదిలి 73 రూపాయలు కోసి, 662 రూపాయలు తిరిగి ఇవ్వాలి. అప్పగింతలో మొదటి సంగతి జారిపోతే ప్రోగ్రాము బస్సు బయలుదేరే సమయాన్ని తీసుకుని 22 గంటలే మిగిలాయని లెక్కకట్టి, 25 శాతం కింద 183 రూపాయలు కోసి, 552 రూపాయలే తిరిగి ఇస్తుంది. ప్రయాణికుడు 110 రూపాయలు నష్టపోతాడు. తెరపై మాత్రం ఏ దోషమూ కనిపించదు.

వేరుచేసే ఉదాహరణలు

తేలిన అర్థాన్ని కాపాడటానికి ఉదాహరణలు జతచేయడం ప్రచారంలో ఉన్న పద్ధతి. డాన్ నార్త్ ప్రతిపాదించిన ప్రవర్తన ఆధారిత నిర్మాణ పద్ధతిలో ప్రతి ఉదాహరణనూ ముందున్న పరిస్థితి, జరిగిన చర్య, రావలసిన ఫలితం అనే మూడు భాగాలుగా రాస్తారు. అయితే ప్రతి ఉదాహరణా అర్థాన్ని కాపాడలేదు. హైదరాబాదులోనే ఎక్కే ప్రయాణికుణ్ణి తీసుకుంటే ఎక్కే సమయమూ, బస్సు బయలుదేరే సమయమూ ఒకటే కాబట్టి సరైన ప్రోగ్రామూ, తప్పు ప్రోగ్రామూ ఒకే జవాబు ఇస్తాయి. ఛార్జీ 700 రూపాయలైతే 10 శాతం సరిగ్గా 70 అవుతుంది కనుక పైసల నియమం పరీక్షకే రాదు.

అందువల్ల స్వీకరించిన అర్థానికీ, చర్చలో తోసిపుచ్చిన అర్థానికీ వేర్వేరు జవాబులు వచ్చే ఉదాహరణలనే ఎంచుకోవాలి. పై సందర్భంలో విజయవాడ ప్రయాణికుని లెక్క మొదటి నిర్ణయాన్నీ, పైసల నియమాన్నీ పరీక్షిస్తుంది. హద్దు కోసం 14వ తేదీ తెల్లవారుజామున 2:30కి, 2:31కి జరిగిన రెండు రద్దులను పక్కపక్కన ఇస్తే చాలు. మొదటిదానికి 10 శాతం, రెండవదానికి 25 శాతం కోత రావాలి.

అప్పగింత పత్రం

పత్రంలో తేలిన విషయాలను, ఊహించుకున్న విషయాలను, ఇంకా తేలని విషయాలను వేర్వేరుగా చూపాలి. పై ఉదాహరణలో ఎక్కే స్టాపు నియమం తేలిన విషయం. బస్సు ఆలస్యంగా వస్తున్నా టికెట్‌పై ముద్రించిన సమయాన్నే తీసుకోవాలన్నది ఎవరూ ధ్రువీకరించని ఊహ కావచ్చు. సంస్థే బస్సును రద్దు చేస్తే ఏమి చేయాలన్నది తేలని ప్రశ్న కావచ్చు. మూడింటినీ ఒకే స్వరంతో రాస్తే అందుకున్నవారు ఊహను నిర్ణయంగా పాటిస్తారు, లేదా నిర్ణయాన్ని ఊహగా భావించి మార్చేస్తారు. తోసిపుచ్చిన ప్రత్యామ్నాయాన్ని కారణంతో సహా ఒక వాక్యంలో చేర్చడం కూడా అవసరం; లేకపోతే బస్సు బయలుదేరే సమయం డేటాబేసులో సిద్ధంగా ఉన్నదని చూసిన కొత్తవారు అదే మేలైన మార్గమనుకుని తిరిగి తెస్తారు.

తిరిగి చెప్పించడం

అందుకున్నవారిని అర్థమైందా అని అడిగితే వచ్చే అవును అనే జవాబు దేనినీ నిరూపించదు. 735 రూపాయల టికెట్‌కు ఎంత తిరిగి వస్తుందో లెక్కకట్టి చెప్పమంటే, 552 అనే జవాబు ఏ వివరం చేరలేదో వెంటనే చూపుతుంది. ఏజెంటు విషయంలో కూడా ప్రోగ్రాము రాయించే ముందు ఇదే లెక్కను చేయించవచ్చు. ఆసుపత్రుల్లో డ్యూటీ మారేటప్పుడు వైద్యులు పాటించే ఐ-పాస్ అనే అప్పగింత విధానంలో చివరి అంశం ఇదే: అందుకున్న వైద్యుడు తాను గ్రహించినదాన్ని తన మాటల్లో తిరిగి చెప్పాలి.

పత్రం ఉన్నా విఫలమైన సందర్భం

1998 డిసెంబరులో ప్రయోగించిన నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరు 23న అంగారకుని వద్ద నష్టమైంది. నౌక చిన్న రాకెట్ల ప్రచోదనాన్ని, అంటే అవి కలిగించే తోపుడు మొత్తాన్ని, న్యూటన్-సెకన్లలో ఇవ్వాలని రెండు బృందాల మధ్య ఉన్న నిర్దేశ పత్రంలో స్పష్టంగానే ఉన్నా, భూమిపై నడిచిన ఒక ప్రోగ్రాము దాన్ని పౌండు-సెకన్లలో ఇచ్చింది. రెండు కొలమానాల మధ్య తేడా సుమారు 4.45 రెట్లు. నౌక దాదాపు 226 కిలోమీటర్ల ఎత్తున దాటవలసి ఉండగా సుమారు 57 కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోయిందని తరువాత అంచనా వేశారు. నిర్ణయం కాగితంపై ఉన్నా, ప్రోగ్రాము దాన్ని పాటిస్తున్నదో లేదో సరిచూసే పరీక్ష సమగ్రంగా జరగలేదు.

పరిమితులు

వేరుచేసే ఉదాహరణలు చర్చకు వచ్చిన ప్రత్యామ్నాయాలను మాత్రమే పట్టుకుంటాయి. ఎవరికీ తట్టని అర్థాన్ని పట్టుకోలేవు. అందుకున్నవారు పత్రంలో లేని ప్రశ్న అడిగినప్పుడు జవాబును వారికి మాత్రమే చెప్పి ఊరుకోక, తేదీతో, నిర్ణయించినవారి పేరుతో అదే పత్రంలో చేర్చాలి. అలా చేయకపోతే ఆ వివరం తరువాతి అప్పగింతలో మళ్లీ జారిపోతుంది. చిన్న పనులకు ఇంత ఏర్పాటు అవసరం లేదు. ఒకే నియమానికి ఇద్దరు రెండు జవాబులు లెక్కించగలిగే అవకాశం ఉన్న చోట మాత్రం, ఆ జవాబుల్లో ఏది సరైనదో అంకెతో సహా రాసి ఉంచడం కనీస అవసరం.