ఎలక్ట్రిక్ కారులో ఛార్జింగ్ గన్ ఇరుక్కుపోవడం

ఛార్జింగ్ అయిపోయాక కూడా గన్ ఊడిరాకపోతే తాళం చెడిపోయిందనే అనుకుంటారు. చాలాసార్లు తాళం బాగానే ఉంటుంది, దాని మీద బరువు పడి ఉంటుంది. భారత్‌లోని కార్లలో ఎక్కువగా కనిపించే సీసీఎస్2 సాకెట్‌లో తాళమంటే ఒక చిన్న మోటారు, అది ముందుకు తోసే సన్నటి పిన్. ఆ పిన్ గన్ ముక్కు మీది గాడిలోకి దిగుతుంది. దిగిందో లేదో ఒక స్విచ్ కారుకు తెలియజేస్తుంది. బరువైన డీసీ కేబుల్ వేలాడుతూ పిడిని కిందికి లాగితే ముక్కు పైకి లేచి పిన్‌ను గాడి అంచుకు అదిమేస్తుంది. తలుపు వాలితే గడియ బిగుసుకున్నట్టే ఇదీ. ఆ ఒత్తిడిని తెంపుకుని పిన్‌ను వెనక్కి లాక్కునేంత బలం ఆ మోటారుకు ఉండదు.

కారణాన్ని చెవితోనే చాలావరకు పోల్చుకోవచ్చు. అన్‌లాక్ నొక్కగానే సాకెట్ దగ్గర మోటారు కదిలిన చప్పుడు వచ్చి, గన్ మాత్రం రాకపోతే పిన్ ఒత్తిడిలో ఉన్నట్టు, లేదా దుమ్ముకు పట్టేసినట్టు. చప్పుడే లేకపోతే మోటారు కదలనే లేదన్నమాట: ఛార్జింగ్ సెషన్ ముగిసి ఉండకపోవచ్చు, 12 వోల్టుల బ్యాటరీ దిగిపోయి ఉండవచ్చు, మోటారే పోయి ఉండవచ్చు. డీసీ ఛార్జింగ్‌లో గన్ కొనల దగ్గర వోల్టేజీ 60 కంటే దిగువకు పడేదాకా తాళం తెరుచుకోకూడదు. కాబట్టి తాళం మొండికేయడం ఒక్కోసారి అది తన పని తాను చేస్తున్నదనడానికి గుర్తు.

అందుకే ముందుగా యాప్‌లోనో కార్డుతోనో సెషన్ ఆపి, ఛార్జర్ తెర మీద ముగిసినట్టు చూసుకోవాలి. తర్వాత ఒక చేత్తో కేబుల్ బరువు మోస్తూ, గన్‌ను బయటికి లాగకుండా లోపలికే కొద్దిగా నొక్కి పట్టి, కారును ఒకసారి లాక్ చేసి మళ్ళీ అన్‌లాక్ చేయాలి. లోపలికి నొక్కితే పిన్ మీది ఒత్తిడి తగ్గుతుంది. పిన్ కదిలిన చప్పుడు విన్నాకే గన్‌ను తిన్నగా లాగాలి.

గట్టిగా ఊపి లాగితే సరిపోదా అంటే, పిన్ విరిగితే తాళం మొత్తం మార్చాల్సి వస్తుంది. అంతకంటే పెద్ద ప్రమాదం కరెంటు పారుతుండగా గన్ ఊడిరావడం. ఏసీలో కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కనుక నిప్పురవ్వ ఆరిపోయే వీలుంటుంది. డీసీలో ఆ విరామం లేదు, మంట సాగుతూనే ఉంటుంది. ఇంట్లో ఎంసీబీ ఆపితే గన్ వదులుతుందన్న నమ్మకమూ సగమే నిజం. గోడకున్న సాకెట్ తాళం వదలవచ్చు కానీ, కారు వైపు తాళం కారు బ్యాటరీతోనే నడుస్తుంది. అయినా మిగతా పనికి ముందు కరెంటు ఆపడం మంచిదే.

ఇవేవీ పనిచేయకపోతే, చాలా కార్లలో బానెట్ కిందో డిక్కీ పక్క గోడలోనో చేత్తో లాగే విడుదల తాడు ఉంటుంది. చోటు యజమాని పుస్తకంలో దొరుకుతుంది. టెస్లా తన పుస్తకంలో, ఛార్జింగ్ జరుగుతుండగా గానీ నారింజరంగు తీగలు బయటపడి ఉన్నప్పుడు గానీ ఆ తాడును ముట్టుకోవద్దనీ, తాడునూ గన్‌నూ ఒకేసారి లాగవద్దనీ హెచ్చరిస్తుంది: ముందు తాడు, తర్వాత గన్. కాలిన వాసన వచ్చినా, గన్ ముక్కు కరిగినట్టు కనిపించినా తాడు జోలికీ పోకుండా ఛార్జర్ మీది ఎర్ర అత్యవసర బటన్ నొక్కి మెకానిక్‌ను పిలవాలి.