ముప్పై రెండు అక్షరాల అనుష్టుప్పు

కన్యామాసపు శ్రవణ నక్షత్రం వేదాంత దేశికుల తిరునక్షత్రం. 1268లో కాంచీపురం సమీపాన తూప్పుల్‌లో జన్మించిన ఈ ఆచార్యుణ్ణి తిరుమల ఆలయ ఘంట అంశగా శ్రీవైష్ణవులు భావిస్తారు గనుక, ఆ రోజున ఆయన స్తోత్రాలను, వాటిలో విరివిగా కనిపించే అనుష్టుప్పును తలచుకోవడం తెలుగువారికీ సముచితమే.

పాదానికి ఎనిమిది చొప్పున నాలుగు పాదాలలో ముప్పై రెండు అక్షరాలుండే ఈ ఛందస్సు వేదకాలం నాటిది. అప్పట్లో గురులఘువుల నియమం సడలుగా ఉండగా, ఇతిహాసాల నాటికి అది పాదం రెండవ సగంలో స్థిరపడింది. ఏ పాదంలోనైనా అయిదవ అక్షరం లఘువు, ఆరవది గురువు కావాలి. ఏడవది మాత్రం ఒకటవ, మూడవ పాదాలలో గురువుగా, రెండవ, నాల్గవ పాదాలలో లఘువుగా ఉండాలి. పథ్య అనే ఈ సాధారణ రూపానికి బేసి పాదాలలో విపుల అనే మినహాయింపులు కొన్ని ఉన్నా, కొత్తగా రాసేవారు పథ్యను విడవకపోవడమే మేలు.

ఈ నియమాన్ని దేశికులు ఎంత సూక్ష్మంగా ఆడించారో ‘పాదుకాసహస్రం’ చూపుతుంది. శ్రీరంగనాథుని పాదుకలపై 1008 శ్లోకాలున్న ఈ కావ్యాన్ని ఆయన ఒక్క రాత్రిలో చెప్పారని సంప్రదాయం. అందులోని చిత్రపద్ధతిలో చదరంగపు గుర్రం నడకను అనుసరించే శ్లోకాల జంట ఒకటి ఉంది. మొదటి శ్లోకాన్ని పాదానికొక వరుసగా సగం చదరంగపు పలకపై, అంటే ముప్పై రెండు గళ్లలో రాసి, మొదటి గడి నుంచి గుర్రాన్ని దూకిస్తూ, ఏ గడినీ రెండోసారి తొక్కకుండా చదివితే, రెండవ అనుష్టుప్పు బయటపడుతుంది. ఇలాంటి తురగబంధం అంతకుముందే కాశ్మీర ఆలంకారికుడు రుద్రటుని గ్రంథంలో ఉంది, దేశికులు దాన్ని భక్తిస్తోత్రంలో నిలిపారు.

అక్షరాలు దొరికినంత మాత్రాన ఇది సాధ్యం కాదు, వాటి తూకం రెండు చదువులలోనూ సరిపోవాలి. గుర్రం మొదట రెండవ వరుస మూడవ గడికి, తరువాత మొదటి వరుస అయిదవ గడికి దూకి, అలా సాగి అయిదవ అక్షరంగా నాల్గవ వరుస చివరి ‘య’ను అందుకుంటుంది. మొదటి శ్లోకంలో పాదాంతం గనుక ఆ అక్షరం ఏదైనా కావచ్చు. రెండవ శ్లోకంలో అది లఘువే కావాలి, అలాగే ఉంది. ఏడవ అక్షరంగా వచ్చే ‘జ’ ఇంకా రమ్యమైనది. మొదటి శ్లోకంలో దాని తరువాత ‘ప’ ఉంది గనుక అది లఘువు. రెండవ దానిలో ‘త్పా’ అనే సంయుక్తాక్షరం వస్తుంది గనుక గురువై, బేసి పాదపు ఏడవ స్థానానికి కావలసిన బరువును ఇస్తుంది. అక్షరం అదే, గడీ అదే, పక్కనున్న అక్షరం మారగానే బరువు మారిపోయింది.

కొత్తగా రాసేవారు తడబడేదీ ఇక్కడే. వేంకటేశ్వరునిపై ఈ వ్యాసానికై కూర్చిన శ్లోకాన్ని చూడవచ్చు:

సప్తాద్రిశిఖరే భాంతం శ్రియాలంకృతవక్షసమ్ ।
శరణాగతమందారం నౌమి వేంకటవల్లభమ్ ॥

ఏడుకొండల శిఖరాన వెలిగేవాడు, వక్షస్థలాన లక్ష్మిచేత అలంకృతుడు, శరణన్నవారికి కల్పవృక్షమైన వేంకటవల్లభుణ్ణి స్తుతిస్తున్నానని దీని భావం. మొదటి పాదంలో ‘ఖ, రే, భాం’ లఘువు, గురువు, గురువు. రెండవ పాదంలో ‘త, వ, క్ష’ లఘువు, గురువు, లఘువు, ఎందుకంటే ‘క్ష’ ముందున్న ‘వ’ గురువవుతుంది. మూడవ పాదాన్ని ‘శరణాగతత్రాతారం’ అని మారిస్తే అక్షరాలు ఎనిమిదే ఉంటాయి గాని, ‘త్రా’ ముందున్న అయిదవ అక్షరం ‘త’ గురువై పాదం చెడుతుంది. తెలుగు పద్యంలో వేరే పదం మొదట్లోని సంయుక్తం ముందు అక్షరాన్ని సాధారణంగా గురువు చేయదు గనుక, ఆ అలవాటుతో సంస్కృతం రాసేవారికి పదాల మధ్య వచ్చే ఇలాంటి దోషం కంటికి ఆనకపోవచ్చు. నాల్గవ పాదంగా ‘నమామి వేంకటేశ్వరమ్’ అంటే అయిదు, ఆరు, ఏడు స్థానాలు సరిపోయినా, సరి పాదంలో రెండు నుంచి నాలుగు వరకు ‘మామివేం’ రగణం, అంటే గురువు-లఘువు-గురువు కావడం శాస్త్రం నిషేధించినది. అలా రాస్తే ఆ పాదం ప్రమాణికా వృత్తపు నడకలోకి జారుతుంది.

అచ్చుయంత్రం వచ్చాక స్తోత్రాలు ఇంటింటికీ చేరాయి గాని, గురులఘువులను గురుముఖంగా నేర్చే అలవాటు అదే వేగంతో చేరలేదు. కొందరు అవధానులు ఆశువుగానే నిర్దుష్టంగా చెబుతుంటే, కొత్త ఆలయాలకు, ఆహ్వానపత్రికలకు రాసే శ్లోకాలు కొన్ని ఎనిమిదేసి అక్షరాల లెక్కతోనే ఆగిపోతున్నాయి. అటువంటి శ్లోకాన్ని రాతిపై చెక్కించే ముందు ఒక్కొక్క పాదంలో అయిదు, ఆరు, ఏడు అక్షరాలను, వాటి పక్కనున్న సంయుక్తాలను ఒకసారి గుర్తుపెట్టి చూడాలని, సందేహముంటే ఛందస్సు చదివినవారికి చూపించాలని నిర్వాహకులకు మనవి.