రంగురాయి చీటీకి ప్రతిపద వ్యాఖ్యానం

ఐ.పోలవరం, మురమళ్ల చుట్టుపక్కల గల్ఫ్ నుంచి సెలవుకి వచ్చినవాళ్ల వేళ్లకి పచ్చ, కెంపు కాని ఉంగరాలు ఈమధ్య కనబడుతున్నాయి. వాటితోపాటు ఒక చీటీ ఉంటుంది. అందులో సాధారణంగా ఉండే వాక్యం ఇలాంటిది: "నేచురల్ అలెగ్జాండ్రైట్, 5 క్యారెట్లు, ఫుల్ కలర్ ఛేంజ్, వైజాగ్." పక్కన ఇంకో రాయి ఉంటే దానికి "స్పినెల్" అనో "గార్నెట్" అనో రాస్తారు. డబ్బు పెట్టేవాడు ఈ మాటల్ని ఒక్కొక్కటిగా చదువుకోవాలి. అందులో కలర్ ఛేంజ్ దగ్గర ఎక్కువసేపు ఆగాలి, అసలు ధరంతా దానిదే కాబట్టి.

ఫుల్ కలర్ ఛేంజ్. అలెగ్జాండ్రైట్ అంటే క్రోమియం కొద్దిగా కలిసిన క్రిసోబెరిల్. ఆ క్రోమియం వెలుగులోంచి పసుపు భాగాన్ని మింగేసి, ఆకుపచ్చనీ ఎరుపునీ దాదాపు సమంగా బయటికి పంపుతుంది. పగటి వెలుగులో ఆకుపచ్చ, నీలం పాళ్లు ఎక్కువ కాబట్టి రాయి పచ్చగా కనబడుతుంది. దీపం వెలుగులో ఎరుపు పాలు ఎక్కువ, కాబట్టి ఎర్రగా మారుతుంది. రాయిలో ఏ మార్పూ లేదు, దాని మీద పడే వెలుగే మారింది.

అందుకే పరీక్ష ఎక్కడ చేస్తున్నామన్నది ముఖ్యం. కొట్లో తెల్ల ఎల్ఈడీ కింద ఒకసారి, పసుప్పచ్చ ఎల్ఈడీ కింద ఒకసారి చూపిస్తే అది సరైన పరీక్ష కాదు. పసుప్పచ్చ ఎల్ఈడీలన్నిట్లో ఎరుపు పాలు ఒకేలా ఉండదు. రాయిని పొద్దున్న తొమ్మిదింటికి వాకిట్లోకి తెచ్చి నీడలో చూడండి. తర్వాత తలుపులేసి నూనె దీపం దగ్గరగానీ, పాతకాలం ఫిలమెంటు బల్బు దగ్గరగానీ చూడండి. ఫోన్ వీడియోని నమ్మకండి. కెమెరా రంగుల్ని తనంతట తనే సరిదిద్దుకుంటుంది, వాట్సాప్‌లో వచ్చిన మార్పు రాయిదో కెమెరాదో తేలదు.

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. రాయిని వేళ్లతో తిప్పినప్పుడు ఒకవైపు పచ్చగా, ఇంకోవైపు నారింజగా కనబడితే అదే రంగు మార్పు అనుకుంటారు. అది దిశనిబట్టి కనబడే రంగు, అలెగ్జాండ్రైట్‌కీ ఉంటుంది, వేరే రాళ్లకీ ఉంటుంది. రంగు మార్పు అంటే రాయి కదలకుండా ఉండి వెలుగు మారినప్పుడు వచ్చేది. సహజమైన రాయిలో అది చాలాసార్లు అరకొరగానే ఉంటుంది: నీలం కలిసిన పచ్చ నుంచి గోధుమ కలిసిన ఊదాకి. మచ్చలేని పచ్చ మచ్చలేని ఎరుపుగా మారి, పైగా 5 క్యారెట్లు ఉందంటే ఆ రాయి ప్రపంచంలోనే బహు అరుదు. అలాంటిది ఉంగరాల ట్రేలో ఉండదు.

నేచురల్. ట్రేలో ఉండేది ఎక్కువగా వెనేడియం కలిపి కొలిమిలో తయారుచేసిన కురువిందం. పగలు బూడిద నీలంగా, రాత్రి ఊదాగా కనబడుతుంది. అసలు పచ్చదనమే రాదు. కంటికి దొరికే మొదటి గుర్తు ఇదే. రెండో గుర్తు తూకంలో దొరుకుతుంది. రాయి ఉంగరంలో బిగించకుండా విడిగా ఉండాలి, కంసాలి దగ్గర మిల్లీగ్రాము చూపే కాటా ఉండాలి. ముందు రాయిని పొడిగా తూచండి. 5 క్యారెట్లంటే ఒక గ్రాము. గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి. రాయిని సన్నటి దారానికి కట్టి, అడుగుకీ అంచుకీ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. బుడగలుంటే తట్టి వదిలించండి. ఇప్పుడు కాటా చూపేది రాయి పక్కకి నెట్టిన నీటి బరువు. 0.250 గ్రాములు చూపితే ఒకటిని దానితో భాగించండి, నాలుగు వస్తుంది. అది కురువిందం. అలెగ్జాండ్రైట్‌కి రావలసింది 3.73, అంటే కాటా 0.268 దగ్గర ఆగాలి. రాయి అర గ్రాము కంటే చిన్నదైతే ఈ తేడా చేతి వణుకులోనే పోతుంది.

తూకం సరిపోయినంత మాత్రాన పని అయిపోలేదు. అలెగ్జాండ్రైట్‌నే ప్రయోగశాలలో పెంచుతున్నారు. దానికీ అదే బరువు, అదే రంగు మార్పు. కరిగించి లాగి పెంచిన రాయిలో వంపు గీతలు, గాలి బుడగలు దొరకవచ్చు. కానీ వాటిని పోల్చుకోవడానికి మైక్రోస్కోపు, అలవాటుపడిన కన్ను కావాలి. జైపూర్‌లోని రత్నాల పరీక్షా ల్యాబ్ లాంటి చోటికి పంపవలసింది ఇక్కడే. రిపోర్టులో "సింథటిక్" అన్న మాట ఉంటే అది అబద్ధపు రాయి కాదు, మనిషి పెంచిన అలెగ్జాండ్రైట్. దాని ధర వేరు, అంతే.

వైజాగ్. ఈ మాటకి ఆధారం ఉంది. నర్సీపట్నం దగ్గర గొలుగొండ మండలం కరక కొండల్లో అలెగ్జాండ్రైట్, పిల్లికన్ను క్రిసోబెరిల్ దొరికాయి. రంగురాళ్ల తవ్వకం అంటే ఆ ప్రాంతంలో అందరికీ కరకే గుర్తొస్తుంది. అయితే అక్కడ తవ్వకం చాలావరకు అనుమతి లేకుండా, రాత్రిళ్లు, కొండలో సొరంగాలు చేసి సాగింది. అవి కూలి కూలీలు చనిపోయారు. కాగితం లేకుండా "కరక సరుకు" అని చేతిలో పెట్టే రాయిని నేనైతే ముట్టుకోను. ఊరి పేరు విన్నంత మాత్రాన ధర పెంచి ఇవ్వక్కర్లేదు కూడా. అక్కడి రాళ్లలో మసక ఎక్కువ, రంగు మార్పు మంచిగా ఉన్నది కొద్దే.

స్పినెల్. ఇది వెలుగునిబట్టి సాధారణంగా మారదు, తిప్పినా మారదు. ఎరుపైతే అన్ని వైపులా ఒకే ఎరుపు. కెంపు అలా కాదు, ఒకవైపు ఊదా కలిసిన ఎరుపు, ఇంకోవైపు నారింజ కలిసిన ఎరుపు కనబడుతుంది. ఈ తేడా తెలియక వందల ఏళ్లు స్పినెల్‌ని కెంపనే అన్నారు. మొఘలులు తమ పేర్లు చెక్కించుకున్న తైమూర్ రూబీ, బ్రిటిష్ కిరీటంలోని బ్లాక్ ప్రిన్స్ రూబీ రెండూ స్పినెళ్లే. కొనేవాళ్లకి దీనిలో నాకు నచ్చే గుణం ఒకటుంది. కెంపుల్లో ఎక్కువ భాగం వేడి చేసినవే, స్పినెల్‌ని మాత్రం చాలావరకు అలాగే అమ్ముతారు. కొలిమి స్పినెల్ కూడా చవగ్గా దొరుకుతుంది, ముఖ్యంగా నీలం. కాబట్టి నీలం స్పినెల్ అనగానే రిపోర్టు అడగండి.

గార్నెట్. మనవాళ్లకి తెలియనిది కాదు, గోమేధికం గార్నెట్ జాతిదే. ఎర్రది కూడా మన నేలదే. కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గుట్ట గార్నెట్లకీ, పుదుచ్చేరి దగ్గరి ప్రాచీన రేవు అరికమేడులో దొరికిన పూసలకీ సంబంధం ఉందని 2017లో పరిశోధకులు లోపలి ఖనిజాలను పోల్చి చూపించారు. ఈ ఊదా ఎరుపు రకం మందంగా ఉంటే నల్లబడిపోతుంది. అందుకే పాతకాలం పనివాళ్లు పలచగా కోసి వెనక బంగారు రేకు పెట్టేవారు. ఇప్పుడు కొనేటప్పుడు కూడా పెద్ద రాయి కంటే లోపల వెలుగు ఆడే చిన్న రాయే మేలు.

ఎర్ర రాయి గార్నెట్టో కాదో ఇంట్లోనే కొంత తేలుతుంది. దానిలో ఇనుము ఎక్కువ. రాయిని చిన్న థర్మోకోల్ ముక్క మీద పెట్టి నీళ్లలో తేల్చి, బలమైన నియోడిమియం అయస్కాంతం దగ్గరికి తెస్తే అటు జరుగుతుంది. కెంపు, ఎర్ర స్పినెల్ కదలవు. నోట్లు చూసే యూవీ టార్చి వేస్తే కెంపూ స్పినెలూ చాలాసార్లు నిప్పులా వెలుగుతాయి, గార్నెట్ చీకటిగానే ఉండిపోతుంది. థాయ్‌లాండ్ కెంపుల్లో ఇనుము ఎక్కువ కాబట్టి అవి సరిగ్గా వెలగకపోవచ్చు. అందుకని టార్చి ఒక్కదాన్నే నమ్మి గార్నెట్ అని తీసిపారేయకండి, అయస్కాంతం కూడా పెట్టి చూడండి.

కొన్నప్పుడు బిల్లు మీద రాయి పేరు, తూకం, సహజమో సింథటికో రాయించి, ల్యాబ్ రిపోర్టు దానికి భిన్నంగా వస్తే ఇన్ని రోజుల్లో డబ్బు వాపసు అన్న ముక్క కూడా రాయించండి. ఆ ముక్క రాయనన్న కొట్లో అలెగ్జాండ్రైట్ కొనొద్దు.