మురికి కాదు, మరక

బట్టల సబ్బుల ప్రకటనలు దశాబ్దాలపాటు ఒకే మాట చెప్పాయి: మురికి శత్రువు, మా పొడి దాన్ని చంపుతుంది. 2000ల మొదట్లో యూనిలీవర్ ఆ మాటను తలకిందులు చేసింది. బ్రెజిల్‌లో ఓమో పేరుతో అమ్మే పొడికి పోర్చుగీసులో, మరికొన్ని దేశాల్లో ఇంగ్లిష్‌లో వచ్చిన నినాదం సారాంశం ఒక్కటే: ‘డర్ట్ ఈజ్ గుడ్’. పిల్లలు ఆడితేనే నేర్చుకుంటారు, ఆడితే బట్టలు పాడవుతాయి, ఉతికే సంగతి మాకు వదిలేయండి అని తల్లికి చెప్పే వాదన అది.

ఇంగ్లిష్‌లో ఆ మూడు మాటల పదును ‘డర్ట్’లో ఉంది. మట్టి, మురికి రెండూ ఆ ఒక్క మాటలోనే ఇమిడిపోయాయి. విన్నవాడు ముందు ముఖం చిట్లించి, ఆ తర్వాత ఆలోచనలో పడతాడు. తెలుగులో ఆ రెండూ విడివిడి మాటలు. ‘మురికి మంచిది’ అంటే కాలువ కంపు గుర్తొస్తుంది, అసహ్యం దగ్గరే ఆగిపోతాం. ‘మట్టి మంచిది’ అంటే అందరూ తలూపుతారు. మట్టి మంచిదని రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా, అందులో కొత్తేముంది? మొదటి అనువాదంలో ఒప్పుకోలు లేదు, రెండోదాంట్లో పేచీ లేదు. నినాదానికి రెండూ కావాలి.

భారతదేశంలో 2005లో సర్ఫ్ ఎక్సెల్ ఈ ముడి విప్పింది. అప్పటి హిందుస్థాన్ లీవర్ హిందీలో ‘డర్ట్’ను వదిలేసి ‘దాగ్’ను పట్టుకుంది. మురికి నుంచి మరకకు మారింది. ఆ ప్రకటన చాలామందికి గుర్తుండే ఉంటుంది. బడి నుంచి వస్తుంటే చెల్లి బురదగుంటలో పడి ఏడుస్తుంది. అన్న ఆ గుంటను పిడిగుద్దులు గుద్ది, క్షమాపణ చెప్పించానని చెల్లిని ఊరడిస్తాడు. ఒళ్లంతా బురద. ఇక్కడ మరక ఆటకు గుర్తు కాదు, మంచి పనికి సాక్ష్యం. బ్రెజిల్ వాదనలో పిల్లాడి ఎదుగుదల ఉంటే, మన దగ్గర అది తోబుట్టువు మీద ప్రేమ అయింది. మాటతోపాటు కారణం కూడా మారిందన్నమాట.

తెలుగులో అది ‘మరక మంచిదే’ అయింది. హిందీ నినాదంలో ‘దాగ్’ బహువచనం. దాన్ని పట్టుకుని వేలాడితే ‘మరకలు మంచివే’ అయ్యేది, సామెత బిగువు పోయేది. క్రియ అవసరం లేకుండానే వాక్యం నిలబడింది. రెండు మాటలూ ‘మ’తో మొదలై నాలుకకు పట్టు ఇచ్చాయి. చివరి ‘దే’ ఇంకా ముఖ్యం. ‘మంచిది’ అంటే తీర్పు. ‘మంచిదే’ అంటే ఎవరో కాదన్నారు, వాళ్లకు జవాబిస్తున్నాం అని. తిట్టబోయిన అమ్మకు చెప్పే సమాధానం ఆ ఒక్క దీర్ఘంలో ఉంది. పైగా ఆరక్షరాల్లో ఒక్క ఒత్తూ లేదు. హోర్డింగు మీద ఒత్తులుంటే వరుసల మధ్య ఎడం పెంచాలి, అక్షరం చిన్నదవుతుంది. ఇక్కడ ఆ బెడద లేదు. తెలంగాణ ఇళ్లలో ‘డాగు’ అంటారు, అయినా ‘మరక’ అన్ని జిల్లాల వాళ్లకూ తెలుసు.

ఈ పాఠం హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కంపెనీలకు పనికొచ్చేది పెద్ద నినాదాలకంటే చిన్న వాక్యాల్లోనే. అక్కడి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ప్రచారం ముందు ఇంగ్లిష్‌లో పుడుతుంది, తెలుగు తర్వాత వస్తుంది. ‘డోంట్ షేర్ యువర్ ఓటీపీ’ని తీసుకోండి. మాటకు మాట పెడితే ‘మీ ఓటీపీని ఎవరితోనూ పంచుకోవద్దు’ అవుతుంది. మనం పంచుకునేది అన్నం, ఆస్తి, కష్టసుఖాలు. ఫోన్‌లో మోసగాడు ‘నంబరు చెప్పండి మేడమ్’ అంటాడే తప్ప పంచుకోమనడు. ‘బ్యాంకు వాళ్లమన్నా సరే, ఓటీపీ చెప్పొద్దు’ అంటే హెచ్చరిక సరిగ్గా ఆ క్షణానికి తగులుతుంది. ఇంగ్లిష్‌లో లేని బ్యాంకు తెలుగులోకి వచ్చింది, ఎందుకంటే వినేవాడు మోసపోయేది ఆ పేరు విన్నప్పుడే.

ఇలా మార్చినప్పుడు ఇంగ్లిష్ మేనేజరుకు భయం వేయడం సహజం. అందుకే అనువాదాల పట్టికలో తెలుగు వాక్యం పక్కన రెండు గడులు పెడతారు: దాని అర్థం ఇంగ్లిష్‌లో యథాతథంగా ఒకదాంట్లో, ఎందుకలా మార్చారో రెండోదాంట్లో. ఆ రెండో గడిలో రాయడానికి ఏమీ లేకపోతే మార్పు అక్కర్లేదని లెక్క. వడ్డీ రేటు, గడువు తేదీ, షరతులు వంటివి అసలు మార్చకూడదు. అక్కడ చమత్కారం చేస్తే రేపు ఫిర్యాదు వస్తుంది. ఇక నినాదం పండిందో లేదో తేల్చుకోవాలంటే ఇంగ్లిష్ చూడని మనిషికి తెలుగు ఒక్కటే వినిపించి, తన మాటల్లో మళ్లీ చెప్పమనాలి. సరుకు పేరు మాత్రమే చెబితే వాక్యం తిరగరాయాలి. ‘పర్లేదు, పిల్లాణ్ని తిట్టొద్దంటున్నారు’ అంటే వాదన చేరినట్టే.