మళ్లీ కొలువెక్కిన రెండు కొలతలు

1993 ఫిబ్రవరిలో మార్క్ ఆండ్రీసెన్ వెబ్ పేజీలో బొమ్మ పెట్టేందుకు `img` ట్యాగ్‌ను ప్రతిపాదించాడు. అందులో ఫైలు చిరునామా తప్ప బొమ్మ కొలతల ఊసే లేదు. ఫైలు చేతికందేదాకా ఎంత చోటు వదలాలో బ్రౌజర్‌కు తెలియదు. బొమ్మ వచ్చాక కింది అక్షరాలన్నీ ఒక్కసారిగా జరిగేవి. ఈ తంటా తప్పించేందుకే `width`, `height` పుట్టాయి. 1997 జనవరిలో వచ్చిన హెచ్‌టీఎమ్‌ఎల్ 3.2 ప్రమాణంలో అవి ఉన్నాయి.

2010లో ఈథన్ మార్కాట్ ‘రెస్పాన్సివ్’ డిజైన్‌ను ముందుకు తెచ్చాక కథ అడ్డం తిరిగింది. తెర వెడల్పును బట్టి బొమ్మ కుదించుకోవాలంటే ఎత్తును `height: auto` అనాలి. అలా అనగానే ట్యాగ్‌లో రాసిన ఎత్తును బ్రౌజర్ పక్కన పెట్టేసేది. ఫలితం లేనప్పుడు రాయడమెందుకని చాలామంది కొలతలు మానేశారు. పేజీలు మళ్లీ ఎగిరిపడడం మొదలెట్టాయి.

పరిష్కారం 2019 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్ 71, క్రోమ్ 79లతో వచ్చింది. బ్రౌజర్లు ఆ రెండు అంకెలను పిక్సెళ్లుగా కాక నిష్పత్తిగా చదవసాగాయి.

```html
<img src="photo.jpg" width="1200" height="800"
     loading="lazy" alt="">
```

ఈ బొమ్మ `height: auto`తో 360 పిక్సెళ్ల వెడల్పున్న ఫోన్ తెరంతా పరుచుకుంటుందనుకుందాం. 1200కు 800 అంటే మూడుకు రెండు. కాబట్టి ఫైలు రాకముందే 240 పిక్సెళ్ల ఎత్తు ఖాళీగా సిద్ధమవుతుంది. చదువుతున్న వరుస కదలదు.

ఆ ట్యాగ్‌లోని `loading="lazy"` కూడా 2019లోనే క్రోమ్‌లో వచ్చింది. తెరకు దూరంగా ఉన్న బొమ్మను, ఐఫ్రేమ్‌ను పాఠకుడు దగ్గరికి వస్తేనే తెప్పిస్తుంది. ఐఫ్రేమ్‌ల విషయంలో మిగతా బ్రౌజర్లు ఆలస్యం చేశాయి. సఫారీ, ఫైర్‌ఫాక్స్ 2023లో గానీ అందుకోలేదు. ‘దగ్గర’ అంటే ఎంతో బ్రౌజరే నిర్ణయిస్తుంది. క్రోమ్ మొదట 3000 పిక్సెళ్ల ముందే తెప్పించేది; 2020లో వేగమైన నెట్‌వర్క్‌లకు దాన్ని 1250కి తగ్గించింది.

ఇక్కడే పాత కొలతలతో లంకె పడుతుంది. కొలతల్లేని ఇరవై బొమ్మలు వరుసగా ఉంటే, రాకముందు ఒక్కోదాని ఎత్తు సున్నా. అన్నీ ఒకేచోట ముడుచుకుంటాయి గనుక బ్రౌజర్ లెక్కలో అన్నీ తెర దగ్గరే. అన్నింటినీ ఒకేసారి తెప్పించేస్తుంది. `lazy` రాసినా దండగే.

పేజీ తెరవగానే కనిపించే మొదటి బొమ్మకు మాత్రం `lazy` తగదు. పేజీ అమరిక తేలేదాకా బ్రౌజర్ దాన్ని అడగనే అడగదు కాబట్టి ఆలస్యమవుతుంది. వర్డ్‌ప్రెస్ 2020 ఆగస్టులో, 5.5 వెర్షన్‌లో, కొలతలున్న బొమ్మలన్నింటికీ `lazy` తగిలించింది. 2022 జనవరిలో, 5.9తో, వ్యాసంలోని మొదటి బొమ్మను ఆ జాబితా నుంచి తప్పించింది.

మీ పేజీ సంగతి తేల్చుకోవాలంటే బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్ చూస్తూ మెల్లగా కిందికి జరపండి. జరిపేకొద్దీ బొమ్మల పేర్లు ఒక్కొక్కటే చేరితే సరే. అన్నీ మొదట్లోనే వచ్చిపడితే, ముందు కొలతలున్నాయో లేదో చూడండి.