జీతాల జర్నల్ పద్దులు

జీతం ఖర్చు పని జరిగిన నెలకే చెందుతుంది, డబ్బు చెల్లించిన నెలకు కాదు. తెలంగాణలో మార్చి నెలకు 26,000 రూపాయల జీతం, అందులో మూలవేతనం 15,000 ఉన్న ఉద్యోగిని తీసుకుందాం. పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 కోయగా చేతికి 24,000 వస్తుంది. అయినా జీతాల ఖాతాకు డెబిట్ 26,000. క్రెడిట్లు మూడు: చెల్లించాల్సిన జీతం, పీఎఫ్ బకాయి, వృత్తి పన్ను బకాయి. కోతలు ఉద్యోగి సొమ్మే. యజమాని వాటిని జమకట్టే మధ్యవర్తి మాత్రమే. యజమాని పీఎఫ్ వాటా 1,800 అలా కాదు, అది అదనపు ఖర్చు. దీన్ని వేరే పద్దుగా రాసి, అదే బకాయికి క్రెడిట్ చేయాలి. అప్పుడు బకాయి 3,600 అవుతుంది, ఏప్రిల్ 15లోగా కట్టాలి. కట్టిన రోజున మొత్తాన్నీ ఖర్చుగా రాసేవారున్నారు. దానివల్ల మార్చి లాభం పెరిగి, భారం కొత్త ఏడాదిపై పడుతుంది.

వాడుకోని సెలవుకూ ఇదే సూత్రం. దానికి ముందే ఖర్చు ఎందుకని కొందరి అభ్యంతరం. నిల్వ చేసుకోగల సెలవు పనిచేసినందుకే వచ్చింది. కాబట్టి బాధ్యత ఆ నెలలోనే పుట్టింది. మురిగిపోయే సెలవులుంటే అంచనా తగ్గించాలి, పద్దు మానేయకూడదు. రోజుకు 1,000 చొప్పున నెలకు ఒకటింబావు రోజు సెలవు జమైతే, సెలవు ఖర్చుకు 1,250 డెబిట్, సెలవు కేటాయింపుకు క్రెడిట్. తర్వాత ఒకరోజు వాడుకుంటే ఆ 1,000 కేటాయింపుకే డెబిట్ కావాలి. జీతాల ఖాతాకు రాస్తే ఒకే ఖర్చు రెండుసార్లు పడుతుంది. సెలవులు వాడుతున్నా కేటాయింపు తగ్గకపోవడమే దాని ఆనవాలు.